ఇద్దరు సీనియర్ల తగవు మధ్యలో టీమ్ లీడర్

ప్రశ్న: తొమ్మిది మంది ఉన్న సాఫ్ట్‌వేర్ బృందానికి ఏడాదిగా నేను లీడర్‌ని. ఇందులో ఇద్దరు సీనియర్లున్నారు. ఇద్దరికీ నాకన్నా ఎక్కువ అనుభవం ఉంది. ఆయన డిజైన్, కోడ్ చూస్తారు. ఆవిడ టెస్టింగ్, రిలీజ్ చూస్తారు. మూడేళ్ల క్రితం ఒక రిలీజ్ రాత్రిపూట కుప్పకూలితే ఆవిడ తెల్లవార్లూ కూర్చుని సరిచేశారట. మర్నాడు మీటింగ్‌లో అందరి ముందూ “చూసుకోకుండా పంపిన కోడ్” అన్నారట. అప్పటి నుంచి ఇద్దరికీ పడదు. ఆయన మార్పులన్నీ గడువు రోజు సాయంత్రం పంపుతారు. ఆవిడ చిన్న లోపం కనిపించినా మొత్తం వెనక్కి పంపేస్తారు. ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికి వచ్చి గోడు చెప్పుకుంటారు, నేను ఇద్దరికీ సర్దిచెబుతుంటాను. జూనియర్లు రెండు వర్గాలయ్యారు. ఇద్దరిలో ఎవరు మానేసినా పని ఆగిపోతుంది. ఎవరి పక్షమూ వహించకుండా దీన్ని తీర్చడం ఎలా?

సమాధానం: ముందుగా మీరు ఇప్పుడు చేస్తున్న పని గురించే మాట్లాడాలి. ఇద్దరికీ విడివిడిగా సర్దిచెప్పడాన్ని మీరు తటస్థంగా ఉండటం అనుకుంటున్నారు. వాళ్లకు అది అలా కనిపించదు. ఆయన వచ్చి బాధ చెప్పుకున్నప్పుడు మీరు “అవునండీ, మీ ఇబ్బంది నాకు తెలుసు” అంటారు. ఆయన దాన్ని ఓదార్పుగా తీసుకోరు, లీడర్ కూడా తన మాటే సరైనదని ఒప్పుకున్నట్టుగా తీసుకుంటారు. గంట తర్వాత ఆవిడా అదే మాట విని అదే అర్థంతో వెళతారు. తర్వాత మీ నిర్ణయం ఒకటి ఎవరికో ఒకరికి వ్యతిరేకంగా వచ్చేసరికి, లీడర్ తనను మోసం చేశారని అనుకుంటారు. మీరు ఒక పక్షం కాదు, రెండు పక్షాలూ వహించారు. అందుకే ఎవరికీ మీ మీద నమ్మకం మిగలడం లేదు.

కాబట్టి మొదట ఆపాల్సింది ఈ విడివిడి వినికిడిని. ఇద్దరికీ ఒకే రోజున, ఒకే మాటల్లో చెప్పండి: “ఇకమీదట మీ ఇద్దరి మధ్య పనికి సంబంధించిన ఏ ఫిర్యాదు అయినా ఎదుటివారికి చెప్పిన తర్వాతే నా దగ్గరికి రావాలి. చెప్పడం కష్టంగా ఉంటే ముగ్గురం కలిసి కూర్చుందాం. ఒకరు లేనప్పుడు వారి గురించి రెండో వారితో నేను మాట్లాడను. ఇదే మాట ఇప్పుడు వారికి కూడా చెబుతున్నాను.” ఒకే రోజున అని ఊరికే అనడం లేదు. ఒకరికి సోమవారం, ఇంకొకరికి గురువారం చెబితే, మధ్యలోని మూడు రోజుల్లో మొదటివారే ఈ ఏర్పాటు చేయించారన్న పుకారు పుడుతుంది. ఈ మాట చెప్పాక ఒకటి రెండు వారాలు ఇద్దరూ మీ మీద ముభావంగా ఉంటారు. ఇన్నాళ్లూ తెరిచి ఉన్న తలుపు మూసేశారన్న నొప్పి అది. ఆ ముభావాన్ని భరించండి, పోగొట్టడానికి మళ్లీ తలుపు తీయకండి.

ఎవరి పక్షమూ వహించకపోవడం అంటే ఏమిటో కూడా ఇక్కడే తేల్చుకోవడం మంచిది. వాళ్ల తగవులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ రాత్రి తప్పెవరిది అన్నది ఒకటి. రేపటి నుంచి కోడ్ ఎప్పుడు రావాలి, ఎవరు ఆపవచ్చు, ఎందుకు ఆపవచ్చు అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు మీరు తీర్పు చెప్పకూడదు. మీరప్పుడు అక్కడ లేరు. చెప్పినా ఎవరూ ఒప్పుకోరు. రెండో ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పి తీరాలి, అది మీ ఉద్యోగం. చాలామంది లీడర్లు మొదటిదానికి భయపడి రెండోదాన్ని కూడా వదిలేస్తారు. అప్పుడు గొంతు పెద్దదైన వారిదో, కోపం పెద్దదైన వారిదో మాట చెల్లుతుంది. గోడ మీది పిల్లిలా ఉండటం కూడా ఎవరో ఒకరికి లాభం చేస్తూనే ఉంటుంది.

వాళ్లతో మాట్లాడే ముందు ఒక పూట కేటాయించి రికార్డులు చూడండి. మీరు కోడ్ మార్పులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో తేదీలు, గంటలతో సహా అంతా ఉంటుంది. గడిచిన మూడు నెలల మార్పులు తీసుకుని, ప్రతిదానికీ మూడు విషయాలు రాసుకోండి: టెస్టింగ్‌కు ఎప్పుడు వచ్చింది, వెనక్కి వెళ్లిందా, వెళితే ఏ కారణం రాశారు. పేర్లు రాయవద్దు. ఉదాహరణకు ఇరవై మార్పుల్లో పన్నెండు ఆఖరి రోజున వచ్చాయనుకుందాం. ఎనిమిది వెనక్కి వెళ్లాయి. ఆ ఎనిమిదిలో మూడు నిజంగానే వాడకందార్ల పని ఆపేసే లోపాలు, మిగిలిన అయిదూ రెండు మూడు పంక్తులు దిద్దితే పోయేవి.

ఇలాంటి కాగితం ముందు పెట్టుకుంటే, ఆయన గురించి ఆవిడ చెప్పేదీ నిజమే, ఆవిడ గురించి ఆయన చెప్పేదీ నిజమే అని తెలుస్తుంది. ఇంకొంచెం లోతుగా చూస్తే మరొకటి కనబడుతుంది. ముందుగా పంపితే వెతికి వెతికి వెనక్కి పంపుతారని ఆయన ఆలస్యంగా పంపుతున్నారు. ఆలస్యంగా వచ్చినదాన్ని పూర్తిగా పరీక్షించే సమయం లేదు కాబట్టి, ఒక లోపం కనబడగానే మిగతాదాన్నీ నమ్మలేక ఆవిడ మొత్తం తిప్పి పంపుతున్నారు. ఎవరికి వారు, ఎదుటివారు మొదలుపెట్టినదానికి తాము జవాబు చెబుతున్నామనుకుంటున్నారు. మొదలు ఎక్కడుందో వెతికితే ఎప్పటికీ దొరకదు. ఈ చక్రాన్ని ఏ చోట ఆపగలమన్నది మాత్రం వెతికితే దొరుకుతుంది.

బృందాల్లోని విభేదాల మీద 1990లలో కారెన్ జెన్ అనే పరిశోధకురాలు చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. ఏం చేయాలన్న దాని మీద వచ్చే విభేదం ఒకటి, ఎవరు ఎప్పుడు ఏ అధికారంతో చేయాలన్న దాని మీద వచ్చేది ఇంకొకటి, మనిషి మీద మనిషికి వచ్చే అయిష్టం మరొకటి అని ఆమె విడదీశారు. మీ సీనియర్లిద్దరూ కొట్లాడుకుంటున్నది ప్రోగ్రాం ఎలా ఉండాలన్న దాని మీద కాదని గమనించారా? రిలీజ్‌ను ఎవరు ఆపవచ్చు, ఎంత లోపానికి ఆపవచ్చు అన్నది మీ బృందంలో ఎన్నడూ ఎవరూ రాసి పెట్టలేదు. మీ ముందున్న లీడరూ రాయలేదు, మీరూ రాయలేదు. ఖాళీగా వదిలిన ఆ అధికారం కోసం ఇద్దరు సమర్థులు రోజూ పెనుగులాడుతున్నారు. అది చిలికి చిలికి అయిష్టమైంది. అయిష్టాన్ని నేరుగా పోగొట్టడం మీ చేతిలో లేదు. ఆ ఖాళీని పూడ్చడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

తర్వాత ఇద్దరితో విడివిడిగా ఒక్కో గంట కూర్చోండి. విడివిడిగా వినడం ఆపమని చెప్పి మళ్లీ ఇదేమిటి అనుకోవచ్చు. ఇది వాళ్లు మిమ్మల్ని పట్టుకుని చెప్పుకునే గోడు కాదు, మీరు ముందుగా చెప్పి, ఇద్దరినీ అవే ప్రశ్నలు అడిగే కూర్చోవడం. రెండూ ఒకే వారంలో, వీలైతే ఒకే రోజున జరగాలి, ఎవరితో ఎప్పుడన్నది ఇద్దరికీ తెలియాలి. మొదలుపెట్టే ముందే చెప్పండి: “మీరు అనుమతి ఇచ్చిన మాటే నేను బయట అంటాను. అయితే వేధింపు, బెదిరింపు లాంటిదేదైనా విన్నానంటే దాన్ని దాచలేను.”

అడగాల్సిన ప్రశ్నలు కొద్దే. పని జరిగే తీరులో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఏది? అది చివరిసారి ఎప్పుడు జరిగింది, అప్పుడు ఏమైంది? ఇదే ప్రశ్న వారిని అడిగితే మీ గురించి ఏం చెబుతారు? ఏ ఒక్కటి మారితే మీకు పని సాఫీగా సాగుతుంది? రెండో ప్రశ్న దగ్గర మొండిగా నిలబడండి. మూడేళ్ల తగవులో “ఎప్పుడూ ఇంతే” అన్న మాట చాలా దొర్లుతుంది. ఆ మాట మీద ఏమీ కట్టలేం. ఆ సంభాషణ సుమారుగా ఇలా నడుస్తుంది:

“ఆవిడకు అహం ఎక్కువండీ.”

“ఆవిడ ఏం చేసినప్పుడు మీకలా అనిపించింది?”

“ఎప్పుడూ అంతే. ఏది పంపినా వెనక్కే.”

“చివరిసారి వెనక్కి వచ్చింది ఏది?”

“పోయిన నెల రిపోర్టుల మార్పు. ఒక శీర్షికలో అక్షరం తప్పు. దానికి మొత్తం ఆపేశారు. ఆపిన కారణం ఎనిమిది మందికీ వెళ్లే మెయిల్‌లో రాశారు. కొత్తగా చేరిన పిల్లలు కూడా చూశారు.”

ఇప్పుడు మీ చేతికి రెండు పనికొచ్చే విషయాలు వచ్చాయి. ఒకటి, అక్షరం తప్పుకు రిలీజ్ ఆగడం. రెండు, అది అందరి ముందూ రావడం. రెండోదే ఎక్కువ నొప్పి కలిగించి ఉండవచ్చు, మూడేళ్ల నాటి మీటింగ్ కూడా అందరి ముందూ జరిగినదే కదా. అహం గురించి మీరు ఏమీ చేయలేరు. మెయిల్ ఎవరికి వెళ్లాలన్నది మాత్రం రేపే మార్చగలరు.

ఇలాంటి కూర్చోవడాల్లో ఆ రాత్రి సంగతి తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు ఇద్దరి దగ్గరా ఎదుటివారికి తెలియని ఒక ముక్క ఉండటం తరచుగా జరుగుతుంది. ఆయన “ఇంకో రెండు రోజులు గడువు కావాలని అప్పటి లీడర్‌ని అడిగాను, కుదరదన్నారు” అని చెప్పవచ్చు. ఆవిడ “రాత్రి ఆయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, తెల్లవారాక ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు” అనవచ్చు. రెండో ముక్క కూడా విన్న క్షణంలో మీకు తగవు మొత్తం అర్థమైపోయినట్టు అనిపిస్తుంది, పరుగున వెళ్లి ఒకరి మాట ఇంకొకరికి చెప్పేయాలనిపిస్తుంది. ఆ పని అస్సలు చేయకండి. మీ నోటి నుంచి వస్తే అది వకాల్తా అవుతుంది, మీరు ఆయన తరఫున సంజాయిషీ చెబుతున్నారని ఆవిడ అనుకుంటారు. అదే మాట ఆయన నోటి నుంచి వస్తే ఆవిడకు అది కొత్త సమాచారం. “ఈ మాట ముగ్గురం కూర్చున్నప్పుడు మీరే చెప్పగలరా?” అని మాత్రం అడగండి. చెప్పలేనంటే వదిలేయండి.

విడివిడిగా కూర్చున్నప్పుడు మీరు చెవి పెట్టి వినాల్సింది ఇంకొకటి ఉంది. అడుగుతున్నదానికీ, కావలసినదానికీ మధ్య తేడా. సంస్థల నిర్వహణ మీద రాసిన మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆమె 1925లో చేసిన ఒక ప్రసంగంలో చెప్పిన చిన్న సంఘటన తగవులు తీర్చే రంగంలో అందరూ తలుచుకునేదే. హార్వర్డ్ గ్రంథాలయంలోని ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసి ఉంచాలన్నారు. చివరకు ఎవరూ లేని పక్కగదిలో కిటికీ తెరిచారు. అవతలివారికి కావలసింది గదిలోకి కాస్త గాలి, ఆమెకు కావలసింది ఉత్తరపు గాలి నేరుగా తనకు తగలకపోవడం. సగం తెరిచి సగం మూసి ఉంటే ఇద్దరికీ అసంతృప్తే మిగిలేదని గమనించండి. మీ బృందంలోని ఆయన “ఆవిడకు ఆపే అధికారమే ఉండకూడదు” అని అడుగుతారు. కావలసింది చిన్న తప్పుకు పని ఆగకపోవడం, జూనియర్ల ముందు పరువు నిలవడం. ఆవిడ “రిలీజ్‌కు వారం ముందు కోడ్ రావాలి” అంటారు. కావలసింది ఇంకొకరి తప్పుకు తాను ఒంటరిగా రాత్రంతా మేలుకోవలసి రాకపోవడం. అడుగుతున్న రెండూ ఒకదానికొకటి పొసగవు. కావలసిన రెండింటికీ మాత్రం ఒకే ఏర్పాటులో చోటుంది.

అప్పుడు ముగ్గురూ కలిసి కూర్చోండి. గంటన్నర చాలు. రిలీజ్ ఉన్న వారంలో పెట్టకండి, సాయంత్రం అలసిపోయాక పెట్టకండి. జూనియర్లు ఎవరూ ఉండకూడదు. పై అధికారిని తీర్పరిగా పిలవకండి, ఇలా కూర్చుంటున్నామని చెబితే సరిపోతుంది. మొదటి మాట మీరే అనండి: “రిలీజ్ ఎవరు ఆపవచ్చన్న నియమం ఈ బృందంలో లేదు. అది రాయాల్సిన బాధ్యత నాది. ఇవాళ మీ ఇద్దరి సాయంతో రాద్దామని పిలిచాను. ఆ రాత్రి గురించి కూడా మాట్లాడదాం, తప్పెవరిదన్న తీర్పు మాత్రం ఇక్కడ ఉండదు.”

ఎదుటివారు చెప్పినదాన్ని రెండో వ్యక్తి తన మాటల్లో తిరిగి చెప్పాలన్న పద్ధతి మధ్యవర్తిత్వం నేర్పే చోట్ల బాగా వినిపిస్తుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు అది బడిపిల్లల చేత ఒప్పజెప్పించుకున్నట్టు ఉంటుందని నా అభిప్రాయం. దానికి బదులు మీరే బోర్డు దగ్గర నిలబడండి. ఒకరు చెప్పినదాన్ని ఒక వాక్యంగా రాసి, “ఇంతేనా, ఏమైనా మార్చాలా?” అని చెప్పినవారినే అడగండి. వారు అవునన్న తర్వాతే రెండో వారి వైపు తిరగండి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కష్టంగా ఉన్న మొదటి అరగంట బోర్డు వైపు చూస్తారు. అదే చాలా మేలు.

పని విషయం ముందు పెట్టండి, ఆ రాత్రి సంగతి తర్వాత. ఏ చిన్న విషయంలో ఒప్పందం కుదిరినా, మూడేళ్లలో మొదటిసారి ఒక మాట మీద ఇద్దరూ అవునన్నారన్నమాట. ఆ బలం మీదే పాత సంగతి మాట్లాడగలుగుతారు. అలాగని పాత సంగతి అసలు ఎత్తకుండా ముగిస్తే, ఎంత చక్కని నియమం రాసినా మొదటి పొరపాటుకే అది తిరిగి లేస్తుంది. చివరి అరగంట దానికి ఉంచండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఆ రాత్రి, ఆ మర్నాడు తమకేం జరిగిందో, తాము ఏం పడ్డారో చెప్పాలి. ఎదుటివారు ఎందుకలా చేశారో ఊహించి చెప్పకూడదు, రెండో వారు మధ్యలో అడ్డు రాకూడదు. ఫోన్ ఎత్తని సంగతీ, ఇవ్వని గడువు సంగతీ ఇక్కడ బయటికి వస్తే రావచ్చు. క్షమాపణ అడగమని ఎవరినీ ఒత్తిడి చేయకండి, చేతులు కలిపించకండి. బలవంతంగా చెప్పించిన క్షమాపణ ఇంకో అవమానంగా లెక్కలో చేరుతుంది.

ఆ గంటన్నరలో రాయదగిన నియమం ఎలా ఉంటుందో మీ బృందానికి సరిపడేలా చెబుతాను. రిలీజ్‌కు రెండు పనిదినాల ముందు మధ్యాహ్నానికి కోడ్ తీసుకోవడం ఆగుతుంది. ఆ తర్వాత వచ్చినది ఎంత చిన్నదైనా తర్వాతి రిలీజ్‌కు వెళుతుంది, అత్యవసరమని ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప. లోపాలు రెండు రకాలు: వాడకందార్ల పని ఆపేవి లేదా వాళ్ల సమాచారం చెరిపేవి ఒక రకం, మిగిలినవన్నీ రెండో రకం. మొదటి రకానికి రిలీజ్ ఆపే అధికారం పూర్తిగా ఆవిడది, ఎవరినీ అడగనక్కరలేదు. రెండో రకం జాబితాలోకి వెళుతుంది, తర్వాతి రిలీజ్‌లోగా దిద్దడం ఆయన బాధ్యత. లోపం గురించిన సమాచారం కోడ్ రాసినవారికీ ఆయనకూ మాత్రమే వెళుతుంది, బృందం మొత్తానికీ కాదు. రిలీజ్ రాత్రి అంతా నిలకడగా ఉందని ఆవిడ చెప్పేదాకా కోడ్ వైపు నుంచి ఒకరు ఫోన్‌కు అందుబాటులో ఉంటారు. ఎవరుండాలన్న వంతులు ఆయన వేస్తారు, ఆ వంతుల్లో ఆయన పేరూ ఉంటుంది.

ఏది మొదటి రకం, ఏది రెండో రకం అన్న దగ్గరే రేపటి తగవంతా పుడుతుంది. అందుకని ఆ గదిలోనే మీ మూడు నెలల కాగితంలోని ఎనిమిది లోపాలూ తీసి, పేర్లు లేకుండా బోర్డు మీద రాసి, ఇద్దరి చేతా రకాలు నిర్ణయింపజేయండి. అయిదారింటి మీద ఇద్దరూ వెంటనే ఒకే మాట చెబితే నాకు ఆశ్చర్యం ఉండదు. అంతకన్నా పెద్ద ఫలితం ఆ రోజు మీకు మరొకటి దొరకదు. మిగిలిన రెండు మూడింటి మీద ఎందుకు తేడా వస్తున్నదో రాసుకోండి, నియమంలోని లొసుగులు అక్కడే ఉంటాయి.

రకం మీద ఇకముందు తేడా వస్తే ఏం చేయాలో కూడా రాయండి. గంటలోపు ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవాలి. తేలకపోతే ఇద్దరూ కలిసే మీ దగ్గరికి రావాలి, తమ తేడా ఏమిటో ఇద్దరూ ఒప్పుకున్న నాలుగు వాక్యాలు రాసుకుని. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి కూర్చుంటే సగం తేడాలు అక్కడే తీరిపోతాయి. తీరనివాటిని మీరు ఆ రోజే తేల్చాలి.

మీరు అసలు భయపడుతున్నది ఈ ఘట్టానికే. తేల్చిన ప్రతిసారీ ఒకరి మాట నెగ్గుతుంది. దాన్ని పక్షపాతం కాకుండా కాపాడేది కారణం ఒక్కటే. “ఈ లోపంతో వాడకందారు బిల్లు తీయలేరు, కాబట్టి ఇది మొదటి రకం, రిలీజ్ ఆగుతుంది” అని ఒక్క వాక్యం రాసి, ఇద్దరికీ ఒకేసారి పంపండి. వెళ్లి ఎవరినీ బుజ్జగించకండి. మరీ ముఖ్యంగా, పోయినసారి ఆయన మాట నెగ్గింది కదా, ఈసారి ఆవిడ మాట నెగ్గనిద్దాం అన్న లెక్క పెట్టుకోకండి. అది న్యాయంలా కనిపిస్తుంది. ఇద్దరూ అనుభవజ్ఞులు, రెండో నెలలోనే కనిపెట్టేస్తారు. మీరు లోపాన్ని కాక మనిషిని చూస్తున్నారని వాళ్లకు ఒకసారి తెలిస్తే, మిగతా అంతా వృథా. వరుసగా నాలుగుసార్లు ఒకరి వైపే వచ్చినా ఫరవాలేదు. అప్పుడు ఇద్దరితో కూర్చుని నియమం ఎక్కడ వంకరగా ఉందో చూడండి.

జూనియర్లకు నియమం మాత్రమే చెప్పండి, అది కూడా ఇద్దరు పెద్దలూ అక్కడ ఉండగా, అయిదు నిమిషాల్లో. గదిలో జరిగిన మాటలు గదిలోనే ఉండాలి. ఈ తగవును జూనియర్లు కూడా కొంత మోస్తున్నారు. అక్కడి మాట ఇక్కడ చెప్పి దగ్గరయ్యేవాళ్లు ప్రతి ఇలాంటి బృందంలోనూ తయారవుతారు. ఆయన దగ్గర పనిచేసే ఒకరిని రెండు రిలీజ్‌ల పాటు ఆవిడ దగ్గర కూర్చోబెట్టండి, ఆవిడ దగ్గరి వారిని ఆయన దగ్గరికి పంపండి. ఇద్దరిలో ఎవరు మానేసినా పని ఆగుతుందన్న మీ భయానికి కూడా ఇదే మందు. ఆ భయం ఉన్నంతకాలం ఎవరు అలిగినా మీరు వంగిపోతారు, ఆ సంగతి వాళ్లకు తెలుసు. రిలీజ్ ప్రక్రియ మొదటి నుంచి చివరి దాకా చేయగల రెండో మనిషి, డిజైన్‌లోని ముఖ్య భాగాలు వివరించగల రెండో మనిషి మూడు నెలల్లో తయారు కావాలి.

నియమం మొదటి నెలలోనే ఒకసారి తెగుతుంది. గడువు దాటిన సాయంత్రం ఆయన “చిన్నదేనండీ, రెండు పంక్తులే” అంటూ ఒక మార్పు పంపుతారు. లేదా ఆవిడ మళ్లీ ఒక శీర్షికలోని తప్పుకు రిలీజ్ ఆపుతారు. పాత అలవాటు వల్లనే జరుగుతుంది, కుట్ర అనుకోకండి. కానీ ఆ మొదటి సందర్భంలో మీరేం చేస్తారన్నది రెండోవారు కన్నార్పకుండా చూస్తుంటారు. ఆ రెండు పంక్తులూ తర్వాతి రిలీజ్‌కే వెళ్లాలి, వాడకందారు కాస్త సణిగినా సరే. శీర్షిక తప్పుతోనే రిలీజ్ బయటికి వెళ్లాలి. ఉపన్యాసం అక్కరలేదు, నియమం ప్రకారం చేసి ఊరుకోండి.

రెండు వారాలకు, ఆరు వారాలకు, మూడు నెలలకు ముగ్గురూ మళ్లీ అరగంట కూర్చోండి. వాళ్లు స్నేహితులయ్యారా అని చూడకండి, అది మీరు అడగదగినది కాదు. కోడ్ ఆఖరి గంటలో రావడం తగ్గిందా, వెనక్కి వెళ్లినవాటిలో రెండో రకం లోపాలు ఎన్ని, తేడాతో మీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారు అన్నవి చూడండి. మొదటి నెలలో ఎక్కువసార్లు వస్తే కంగారు పడకండి, ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నవి ఇప్పుడు సరైన దారిలో వస్తున్నాయన్నమాట. తర్వాత మెల్లగా తగ్గాలి. ఉన్నట్టుండి ఒక్కటీ రాకపోతే మాత్రం అనుమానించండి. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి జూనియర్ల ద్వారా పని నడిపిస్తున్నారేమో చూడండి. మీటింగ్‌లో ఒకరితో ఒకరు నేరుగా విభేదించుకుని, ఆ తర్వాత పని మామూలుగా సాగిపోతే అది ఆరోగ్యం.

ఇదంతా రెండు వైపులా కొంత కొంత నిజం ఉన్న తగవుకే వర్తిస్తుంది. విడిగా కూర్చున్నప్పుడు ఒకరు రెండోవారిని ఆడ మగ తేడా పట్టుకునో, పుట్టుక పట్టుకునో కించపరుస్తున్నారని, అరుస్తున్నారని, బెదిరిస్తున్నారని తెలిస్తే అది తగవు కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకండి, దాన్ని మీ సంస్థలో అందుకోసం ఉన్న ఫిర్యాదు విధానానికి అప్పగించండి. అక్కడ తటస్థంగా ఉంటే దెబ్బ తిన్నవారికి ఇంకో దెబ్బ.

కూర్చోవడానికే ఒకరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు రెండోవారి చేత బతిమాలించకండి. ఇద్దరి దగ్గరా విడిగా విన్నదాన్ని బట్టి నియమం మీరే రాసి, చిత్తుప్రతి ఇద్దరికీ ఒకేసారి పంపి, రెండు రోజుల్లో అభిప్రాయాలు రాసి ఇమ్మని అడిగి, అమల్లో పెట్టండి. ఇద్దరి ఒప్పుదల ఉంటే నియమం తేలిగ్గా నడుస్తుంది, లేకపోయినా నడవాలి. మూడు నెలల తర్వాత కూడా కోడ్ ఆఖరి గంటలోనే వస్తుంటే, అక్షరం తప్పులకే రిలీజ్‌లు ఆగుతుంటే, వాళ్ల పనులు ఒకదానికొకటి తగలకుండా విడదీయడమో, ఒకరిని వేరే ప్రాజెక్టుకు మార్చడమో తప్పదు. ఎవరిని మార్చాలన్నది ఆ మూడు నెలల్లో నియమాన్ని ఎవరు ఎన్నిసార్లు తప్పారన్న కాగితాన్ని బట్టి ఉంటుంది. ఈ మాట ఇద్దరికీ మొదటి కూర్చోవడంలోనే, ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే చెప్పేయండి. అప్పుడు చెబితే అది షరతు, మూడో నెల చివర మొదటిసారి చెబితే శిక్ష అవుతుంది.